పీహెచ్‌డీ పని వెనకబడిందని గైడ్‌కు మెయిల్ రాయడం: ఆరు రొయ్యల గుంటల లెక్కతో

"సంక్రాంతి వెళ్ళాక పంపుతాను సార్." గైడ్‌కు స్కాలర్ పెట్టిన చివరి వాట్సాప్ మెసేజ్ ఇది, తేదీ జనవరి 12. కనుమ వెళ్ళింది, జనవరి కూడా వెళ్ళింది. ఇప్పుడు ఫిబ్రవరి 10. పంపాల్సిన చాప్టర్ సగం కూడా కాలేదు. మార్చిలో రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు కూర్చోవాలి. డిపార్ట్‌మెంట్‌లో సార్ ఎదురొస్తే పక్క మెట్ల మీదుగా దిగిపోయే దశ ఇదే.

ఈ దశలో రాయాల్సిన మెయిల్ ఒకటి ఉంది. క్షమాపణ అందులో చిన్న భాగమే. ఏం చెప్పాం, ఏం అయింది, ఏం మిగిలింది, మిగిలింది ఎప్పటికి అవుతుంది అనే నాలుగు ప్రశ్నలకు అంకెల్లో జవాబిచ్చేది అది. కష్టం రాయడంలో లేదు, దానికి ముందు వేయాల్సిన లెక్కలో ఉంది. అందుకే ఒక ఉదాహరణ తీసుకుని మొదటి నుంచి చివరి దాకా లెక్క వేసి చూద్దాం.

ఉదాహరణ

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలోని ఆరు వనామీ రొయ్యల గుంటల మీద పరిశోధన. గుంట నీరు, అడుగు మట్టి పంట కాలంలో ఎలా మారుతున్నాయో చూడాలి. సీడ్ వదిలిన రోజు నుంచి ప్రతి 15 రోజులకు ఒకసారి చొప్పున 120 రోజుల్లో 8 సార్లు శాంపిల్ తీయాలి. అంటే ఆరు గుంటలకు ఒక పంటలో 48, రెండు పంటలకు 96.

వేసవి పంట సాఫీగా సాగింది, 48 శాంపిల్సూ వచ్చాయి. ఆగస్టు మధ్యలో సీడ్ వదిలిన రెండో పంటలో, అక్టోబరు మధ్యకు వచ్చేసరికి మూడు గుంటలకు తెల్లమచ్చ సోకింది. ఈ వ్యాధి కనిపించాక మూడు నుంచి పది రోజుల్లో గుంట మొత్తం పోవచ్చు, కాబట్టి రైతులు ఆలోచించకుండా పట్టేశారు. ఆ మూడు గుంటల్లో 60వ రోజు వరకే శాంపిల్స్ ఉన్నాయి, అంటే 12. మిగతా మూడింట్లో 24 పూర్తిగా వచ్చాయి. మొత్తం 36. రావాల్సిన దానికి 12 తక్కువ.

నీటి పరీక్షలు ఎప్పటివప్పుడు చేయక తప్పదు. అమోనియా లాంటివి సీసాలో నిలవ ఉంటే మారిపోతాయి. అందుకని నీటి డేటా చేతిలో ఉంది. మట్టి అలా కాదు, నీడన ఆరబెట్టి కవర్లో పెడితే ఆగుతుంది. ఆగుతుంది కదా అని ఆగిపోయింది. సేంద్రియ కార్బన్ కోసం టైట్రేషన్ చేయాల్సిన 84 మట్టి శాంపిల్స్‌లో ఫిబ్రవరి 10 నాటికి అయినవి 36, మిగిలినవి 48.

సెప్టెంబరు కమిటీలో ఇచ్చిన మాటలు మూడు: మట్టి పరీక్షలన్నీ డిసెంబరు ఆఖరుకు, మూడో చాప్టర్ జనవరి 31కి, థీసిస్ జూన్ 30కి. మొదటి రెండూ తప్పాయి. మూడోది తప్పబోతోంది.

మెయిల్ తెరవకముందు: ఒక తెల్లకాగితం

కాగితాన్ని మూడు నిలువు గళ్ళు చేయండి. మొదటి గడిలో సెప్టెంబరులో చెప్పినవి, చెప్పిన మాటల్లోనే. గుర్తున్నట్టు రాయకండి. ఆరు నెలల ప్రోగ్రెస్ రిపోర్టు తెరిచి, అక్కడ సంతకం పెట్టిన వాక్యాలే ఎక్కించండి. గైడ్ దగ్గరున్న కాపీ కూడా అదే. రెండో గడిలో ఈ రోజు చూపించగలిగేవి. "దాదాపు అయిపోయింది" ఈ గడిలోకి రాదు. ఫైలు తెరిస్తే కనిపించేదే వస్తుంది. మూడో గడిలో రెండింటికీ ఉన్న తేడా.

తొంభై శాతం అయిందని రాయాలనిపిస్తే చెయ్యి ఆపుకోండి. శాతం లెక్కలు గైడ్‌లకు అలవాటే. తొంభై శాతం అన్నవాళ్ళు ఆరు నెలల తర్వాత కూడా అదే తొంభై చెప్పడం వాళ్ళు చూసి ఉంటారు. "84లో 36" అంటే వాదించడానికి ఏమీ ఉండదు.

తర్వాత ప్రతి లోటు పక్కన కారణం రాయండి, ఒక్క వాక్యంలో. కారణాలు రెండు రకాలు, వాటిని కలపకూడదు. తెల్లమచ్చ రావడం మన చేతిలో లేదు. ఇక మట్టి పరీక్షలు డిసెంబరు 9 దాకా మొదలే కాలేదు, ఎందుకంటే రసాయనాలు డిసెంబరు మొదటి వారంలో వచ్చాయి. ఎందుకు అంత ఆలస్యంగా వచ్చాయి? ఆగస్టులో పెట్టాల్సిన ఇండెంట్ అక్టోబరులో పెట్టారు కాబట్టి. ఇది మన తప్పు. "రసాయనాలు ఆలస్యంగా వచ్చాయి" అని అక్కడికే ఆపితే అబద్ధం కాకపోయినా, ఇండెంట్ మీద సంతకం పెట్టిన గైడ్‌కు తేదీ గుర్తుంటుంది. అది ఒక్కటి దొరికిందంటే మిగతా మెయిల్ మొత్తాన్ని ఆయన అనుమానంగానే చదువుతారు.

కొత్త గడువుల లెక్క: కోరికతో కాదు, గత వేగంతో

ఎక్కువ మంది పడిపోయేది ఇక్కడే. మిగిలినవి 48 మట్టి శాంపిల్స్, ల్యాబ్‌లో గట్టిగా కూర్చుంటే రోజుకు 8 చేయవచ్చు, వారానికి రెండు రోజులు ల్యాబ్ దొరుకుతుంది, కాబట్టి మూడు వారాల్లో అయిపోతాయని లెక్క వస్తుంది. ఈ లెక్కలో కూడిక తప్పు లేదు. మనిషే లేడు.

అసలు వేగం ఎంతో ల్యాబ్ నోట్‌బుక్ చెబుతుంది. డిసెంబరు 9 నుంచి ఫిబ్రవరి 10 వరకు 9 వారాలు, అయినవి 36. అంటే వారానికి 4. ఇందులో సంక్రాంతి వారం ఉంది, కరెంటు పోయిన రోజులున్నాయి, బ్లాంక్ సరిగ్గా రాక బ్యాచ్ మొత్తం మళ్ళీ చేసిన రోజులున్నాయి. వాటిని తీసేసి "అసలు వేగం వారానికి 6" అనకండి. పండగలూ కరెంటూ బ్లాంకులూ వచ్చే మూడు నెలల్లోనూ ఉంటాయి. వారానికి 4 చొప్పున 48కి 12 వారాలు, అంటే మే 5. మధ్యలో ఎంఎస్సీ ప్రాక్టికల్ పరీక్షలకు ల్యాబ్ ఇవ్వాల్సి వస్తుంది, దానికి రెండు వారాలు కలిపితే మే 19. మూడు వారాలు అనుకున్నది 14 వారాలైంది. గుండెలో రాయి పడుతుంది, నిజమే. కానీ మూడు వారాలని మెయిల్‌లో రాసి మార్చిలో మళ్ళీ పక్క మెట్లు వెతుక్కోవడం ఇంతకంటే కష్టం.

రాతపనికీ ఇదే పద్ధతి. రెండో చాప్టర్ 30 పేజీలు 10 వారాల్లో అయింది, అంటే వారానికి 3 పేజీలు. పరిశోధన పద్ధతి చెప్పే మూడో చాప్టర్‌కు 15 పేజీలు అనుకుంటే 5 వారాలు, మార్చి 17. వేసవి పంట ఫలితాలు చెప్పే నాలుగోది 24 పేజీలు, 8 వారాలు. రెండో పంట ఫలితాల ఐదోది ఇంకో 24, మరో 8 వారాలు.

స్కాలర్లు దాదాపుగా మరిచిపోయే సమయం ఇంకొకటి ఉంది. అది గైడ్ చదివే సమయం. రెండో చాప్టర్ ఇచ్చాక దిద్దుబాట్లతో తిరిగి రావడానికి 3 వారాలు పట్టింది. ఈసారీ అంతే పడుతుందని లెక్కేయాలి. ఆయన చదువుతున్నప్పుడు మనం తర్వాతి చాప్టర్ రాస్తుంటాం కాబట్టి ఆ 3 వారాలు వృథా కావు. కానీ దిద్దుబాట్లు వచ్చాక వాటిని సరిచేయడానికి ఒక వారం కొత్త రాత ఆగుతుంది. ఆ వారాన్ని కలపండి. అప్పుడు నాలుగో చాప్టర్‌కు 9 వారాలు, మే 19. ఐదో దానికి మరో 9, జూలై 21. ముగింపు చాప్టర్, కూర్పు, దిద్దుబాట్లు కలిపి ఆగస్టు ఆఖరు.

ఇప్పుడు ఈ లెక్కలో కనిపించేదొకటి చూడండి. మట్టి పరీక్షలు తొందరగా కావాలని ల్యాబ్‌లో మరో రోజు అడగాలనిపిస్తుంది. ఇచ్చారే అనుకుందాం, వేగం రెట్టింపై మార్చి 24కే అయిపోయాయనుకుందాం. థీసిస్ తేదీ ఎంత ముందుకు జరుగుతుంది? ఒక్క రోజు కూడా జరగదు. రెండో పంట మట్టి ఫలితాలు కావాల్సింది ఐదో చాప్టర్‌కు, దాని రాత మే 19 తర్వాతే మొదలవుతుంది. ఇక్కడ ఆలస్యాన్ని లాగుతున్నది రాత, ల్యాబ్ కాదు. పైగా ల్యాబ్‌లో ఇంకో రోజు గడిపితే రాత ఇంకా తగ్గుతుంది. ఈ సంగతి కాగితం మీద కనపడకముందే మెయిల్ రాసినవాళ్ళు అక్కర్లేని సాయం అడిగి, కావాల్సిన సాయం అడగకుండా వదిలేస్తారు.

ల్యాబ్‌లో వరస మార్చడం మాత్రం పనికొస్తుంది. మిగిలిన 48లో వేసవి పంటవి 12. వాటిని ముందు చేస్తే మూడు వారాల్లో, మార్చి 3కి, మొదటి పంట మట్టి డేటా 48కి 48 పూర్తవుతుంది. నాలుగో చాప్టర్‌కు కావాల్సింది అదే. మెయిల్‌లో మొట్టమొదటి గడువుగా పెట్టాల్సిందీ అదే: దగ్గర్లో ఉంది, చిన్నది, అయిందో లేదో ఒక్క చూపులో తేలుతుంది. పోయిన నమ్మకం మళ్ళీ మొదలయ్యేది అలాంటి తేదీ దగ్గరే. మొదటి గడువును మూడు వారాలకు మించి దూరం పెట్టకండి.

తిరిగిరాని పన్నెండు శాంపిల్స్

వెనకబడిన పని ఎప్పటికైనా అవుతుంది. పోయిన డేటా అలా కాదు. కాబట్టి మెయిల్‌లో అతి ముఖ్యమైన పేరా ఇదే. "మూడు గుంటలు పట్టేశారు సార్" అని అక్టోబరులో వరండాలో చెప్పి ఉండవచ్చు. అయినా దానివల్ల 12 శాంపిల్స్ లేవని, రెండు పంటల పోలిక దెబ్బతిన్నదని సార్‌కు అర్థమై ఉండకపోవచ్చు. రాతలో చెప్పేదాకా చెప్పనట్టే.

ఇక్కడ సమస్య ఒక్కటే పెట్టి "ఏం చేయమంటారు సార్" అని వదిలేయకూడదు. దారులు రెండున్నాయి. మొదటిది, ఉన్న డేటాతోనే ప్రశ్నను కుదించుకోవడం: ఆరు గుంటలకూ 60వ రోజు వరకు రెండు పంటలనూ పోల్చడం, పూర్తిగా నిలిచిన మూడింటికి 120 రోజుల పోలిక చూపడం, వ్యాధి వచ్చిన మూడు గుంటల నీటినీ రాని మూడింటి నీటినీ పక్కపక్కన పెట్టి ఒక చిన్న విభాగం రాయడం. దీని పరిమితి కూడా చెప్పాలి. మూడుకు మూడు చాలా చిన్న సంఖ్య, నీటి గుణం వల్లే వ్యాధి వచ్చిందని దాంతో అనలేం, తేడాలను చూపగలం అంతే. రెండోది, ఆ మూడు గుంటల్లో మళ్ళీ శాంపిల్ తీయడం. ఫిబ్రవరి, మార్చిలో సీడ్ వదిలే వేసవి పంటలో తీస్తే కాలం వేరు కాబట్టి పోలికకు పనికిరాదు. ఆగస్టు దాకా ఆగాలి. డిసెంబరు మధ్యకు శాంపిల్స్ వస్తాయి, పరీక్షలూ రాతా అయ్యేసరికి వచ్చే మార్చి. అంటే ఐదో చాప్టర్ ఎనిమిది నెలలు వెనక్కి పోతుంది. పైగా ఆ పంటకూ తెల్లమచ్చ రాదన్న హామీ లేదు.

మన మొగ్గు దేనికో స్పష్టంగా చెప్పి, నిర్ణయం గైడ్‌కు వదలాలి. అది ఆయన హక్కు. ఈ మెయిల్‌లో ఆయనను అడగాల్సిన ఒకే ఒక్క నిర్ణయం కూడా అదే. నాలుగు విషయాలు అడిగితే నాలుగింటికీ జవాబు రాదు.

మెయిల్

సబ్జెక్ట్ లైన్‌లోనే విషయం ఉండాలి. "నమస్కారం సార్", "ప్రోగ్రెస్ గురించి" అన్నవి వెతుక్కోవడానికి పనికిరావు. మన యూనివర్సిటీల్లో చాలామంది గైడ్‌కు ఇంగ్లీషులోనే రాస్తారు. అలా రాసినా వరస ఇదే. సార్ తెలుగులో మాట్లాడేవారైతే తెలుగులో రాయడంలో తప్పేమీ లేదు. ఇబ్బందికరమైన విషయం సొంత భాషలో సూటిగా వస్తుంది.

> సబ్జెక్ట్: పీహెచ్‌డీ పని ఆలస్యం, సవరించిన గడువులు; 12 శాంపిల్స్‌పై మీ నిర్ణయం కావాలి
>
> సార్, నమస్కారం.
>
> సెప్టెంబరు కమిటీలో నేను చెప్పిన గడువుల్లో రెండు తప్పాయి. మట్టి పరీక్షలు డిసెంబరు ఆఖరుకు పూర్తి కాలేదు, మూడో చాప్టర్ జనవరి 31కి ఇవ్వలేదు. థీసిస్ కూడా జూన్ 30కి ఇవ్వలేను. జనవరి 12 తర్వాత ఈ విషయం మీకు చెప్పకుండా ఉండటం నా పొరపాటు, క్షమించండి.
>
> ఈ రోజుకు పరిస్థితి: నీటి పరీక్షలు 84కి 84 అయ్యాయి. మట్టి పరీక్షలు 84లో 36 అయ్యాయి. మూడో చాప్టర్ 6 పేజీల నోట్స్‌గా ఉంది, డ్రాఫ్ట్ కాదు.
>
> కారణాలు: మట్టి పరీక్షల రసాయనాల ఇండెంట్ ఆగస్టులో పెట్టాల్సింది, నేను అక్టోబరులో పెట్టాను. పరీక్షలు డిసెంబరు 9న మొదలయ్యాయి. ఆ తర్వాత వారానికి సగటున 4 చేయగలిగాను.
>
> మీ నిర్ణయం కావాల్సిన విషయం: అక్టోబరులో తెల్లమచ్చ వల్ల మూడు గుంటలను 60వ రోజునే పట్టేశారు. దాంతో రెండో పంటలో 48కి 36 శాంపిల్సే ఉన్నాయి. పోలికను ఆరు గుంటలకు 60వ రోజు వరకు, మూడు గుంటలకు 120 రోజులకు పరిమితం చేయాలన్నది నా ప్రతిపాదన. ఆగస్టు పంటలో మళ్ళీ శాంపిల్స్ తీస్తే ఐదో చాప్టర్ సుమారు ఎనిమిది నెలలు ఆలస్యమవుతుంది. రెండు దారుల వివరాలు జత చేసిన ఒక పేజీలో ఉన్నాయి.
>
> సవరించిన గడువులు:
> మార్చి 3: వేసవి పంట మట్టి డేటా, 48 శాంపిల్స్ పట్టిక
> మార్చి 17: మూడో చాప్టర్ డ్రాఫ్ట్, 15 పేజీలు
> మే 19: నాలుగో చాప్టర్ డ్రాఫ్ట్, 24 పేజీలు, మట్టి పరీక్షలన్నీ పూర్తి
> జూలై 21: ఐదో చాప్టర్ డ్రాఫ్ట్, 24 పేజీలు
> ఆగస్టు ఆఖరు: పూర్తి థీసిస్ డ్రాఫ్ట్
>
> ఒక్కో చాప్టర్ మీరు చూడటానికి 3 వారాలు, నేను సరిచేయడానికి 1 వారం ఇందులో కలిపాను. అది చాలదనుకుంటే చెప్పండి, తేదీలు మారుస్తాను.
>
> మార్చి కమిటీకి ముందు 20 నిమిషాలు కలవాలనుకుంటున్నాను. వచ్చే వారం మీకు వీలైన రోజు చెప్పగలరు.
>
> మీ విద్యార్థిని,
> పేరు, రిజిస్ట్రేషన్ నంబరు

క్షమాపణ ఒక్కసారే ఉంది, అదీ మౌనంగా ఉన్నందుకు. ప్రతి పేరాలో క్షమించమంటే చదివేవారు ఓదార్చాలో తిట్టాలో తెలియక మెయిల్ పక్కన పెడతారు. "మీకు తెలియనిది కాదు", "మీ దయ వల్ల" లాంటివీ అక్కర్లేదు. గౌరవం "సార్"లోనూ, "చెప్పగలరు"లోనూ, ఆయన సమయాన్ని లెక్కలో కలపడంలోనూ ఉంది.

మొదటి పేరాలోనే చెడు కబురు మొత్తం వచ్చేసిందనీ గమనించండి. జూన్ 30 తప్పబోతోందన్న మాటను చివర్లో గడువుల జాబితాలో దాస్తే, పైపైన చదివిన గైడ్‌కు అది కమిటీలో మొదటిసారి తెలుస్తుంది. అందరి ముందు తెలుసుకోవడం ఏ గైడూ మరిచిపోరు.

ఆగస్టు తర్వాత తేదీలు ఇవ్వలేదు. ప్రీ-సబ్మిషన్ ప్రెజెంటేషన్ కమిటీ సభ్యుల వీలును బట్టి ఉంటుంది, మన చేతిలో లేని దానికి తేదీ పెట్టడం మాట ఇవ్వడం కాదు.

గడువు అంటే కంటికి కనిపించే వస్తువు

"మార్చిలో డేటా విశ్లేషణపై పని చేస్తాను" గడువు కాదు. మార్చి 31న గైడ్ అయిందా అని అడిగితే అవునని ఎప్పుడైనా చెప్పవచ్చు, కాదనీ చెప్పవచ్చు. "48 శాంపిల్స్ పట్టిక" అంటే ఫైలు తెరిచి వరసలు లెక్కపెట్టవచ్చు. ప్రతి గడువు దగ్గరా ఒక్కటే అడగండి: ఆ రోజు సార్ ఇన్‌బాక్స్‌లోకి ఏం వెళ్తుంది? ఏమీ వెళ్ళకపోతే దాన్ని తీసేయండి. ఆరు నెలలకు నాలుగైదు గడువులు చాలు. ఇరవై పెడితే రెండో వారంలోనే ఒకటి తప్పుతుంది.

జతపరచాల్సినవి

రెండు ఫైళ్ళు, అంతకు మించొద్దు. ఒకటి శాంపిల్స్ పట్టిక, ఉదాహరణకు `Soil_status_10Feb.xlsx`: గుంట, రోజు, తీసిన తేదీ, పరీక్ష అయిన తేదీ, ఫలితం. కాని వాటి గళ్ళు ఖాళీగానే ఉంచండి. ఆ ఖాళీలు చూపించడమే దాని పని. రెండోది 12 శాంపిల్స్ విషయంలో రెండు దారుల లెక్కతో ఒక పేజీ, `Crop2_options.pdf`. నోట్స్‌గా ఉన్న మూడో చాప్టర్‌ను జత చేయాలనిపిస్తుంది, ఏదో ఒకటి ఇచ్చినట్టు ఉంటుందని. వద్దు. సగం కాని డ్రాఫ్ట్ చదవడానికి ఆయన గంట ఖర్చు పెడితే, మార్చి 17న వచ్చే అసలు డ్రాఫ్ట్‌కు ఆ ఓపిక మిగలదు.

సీసీలో ఎవరినీ పెట్టకండి. కో-గైడ్‌ను గానీ కమిటీ సభ్యులను గానీ చేర్చాలా అన్నది గైడ్ చెప్పాలి.

మార్చి కమిటీకి ముందే ఎందుకు

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం స్కాలర్ ప్రతి సెమిస్టర్‌లో ఒకసారి రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు పురోగతి చూపాలి. పురోగతి సంతృప్తికరంగా లేకపోతే కమిటీ కారణాలు నమోదు చేసి, సరిదిద్దే మార్గాలు సూచిస్తుంది. వాటినీ అమలు చేయకపోతే రిజిస్ట్రేషన్ రద్దుకు సిఫారసు చేయవచ్చు. గైడ్‌కు రెండు మూడు వారాల ముందు తెలిస్తే, సవరించిన ప్రణాళికను కమిటీ ముందు ఆయనే పెడతారు. ఆ రోజే తెలిస్తే మన తరఫున మాట్లాడటానికి ఆయన దగ్గర ఏమీ ఉండదు.

మొత్తం గడువునూ ఒకసారి చూసుకోండి. అవే నిబంధనల్లో పీహెచ్‌డీకి కనీసం మూడేళ్ళు, అడ్మిషన్ తేదీ నుంచి గరిష్ఠంగా ఆరేళ్ళు; రీ-రిజిస్ట్రేషన్ ద్వారా మరో రెండేళ్ళ వరకు పొడిగింపు దొరకవచ్చు. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి ఇంకో రెండేళ్ళ సడలింపు ఉంది. మన ఉదాహరణలోని స్కాలర్ నాలుగో ఏడులో ఉన్నారు కాబట్టి పొడిగింపు ప్రస్తావన మెయిల్‌లో లేదు. ఆరో ఏట ఉన్నవారు మాత్రం మొదటి పేరాలోనే ఆఖరి తేదీ రాసి తీరాలి. ఫెలోషిప్ వస్తుంటే దాని ముగింపు తేదీ వేరుగా ఉంటుంది, దాన్నీ చూడండి.

ఆలస్యానికి కారణం ఆరోగ్యమో ఇంటి పరిస్థితో అయితే ఒక్క వాక్యం చాలు: ఏమిటి, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, ఇంకా కొనసాగుతోందా. మెడికల్ రిపోర్టులు మెయిల్‌కు జత చేయనక్కర్లేదు, అడిగితే ఆఫీసుకు ఇవ్వవచ్చు. మహిళా స్కాలర్లకు ప్రసూతి లేదా శిశు సంరక్షణ సెలవు మొత్తం పీహెచ్‌డీ కాలంలో 240 రోజుల వరకు ఉంది. అది తీసుకోవాల్సిన చోట తీసుకోకుండా "ఆలస్యం" అని రాసుకుని తలవంచడం అన్యాయం. అది ఆలస్యం కాదు, సెలవు.

మరి ఆలస్యం గైడ్ వైపు నుంచే అయితే? ఇచ్చిన చాప్టర్ నాలుగు నెలలుగా ఆయన బల్ల మీదే ఉంటే? దాన్ని ఆరోపణగా కాక తేదీగా రాయండి. "రెండో చాప్టర్ అక్టోబరు 4న ఇచ్చాను, దిద్దుబాట్లు వచ్చాక రెండు వారాల్లో సరిచేసి ఇస్తాను." ఇందులో ఎవరినీ ఏమీ అనలేదు, చెప్పాల్సింది మాత్రం మిగల్లేదు.

పంపాక

పని రోజున ఉదయం పంపండి. శనివారం రాత్రి పంపితే సోమవారానికి ఇరవై మెయిళ్ళ కిందకి జారిపోతుంది. పంపాక వాట్సాప్‌లో ఒక్క లైను: "సార్, ప్రోగ్రెస్, కొత్త గడువుల గురించి మెయిల్ పెట్టాను." వివరాలు వాట్సాప్‌లో మళ్ళీ చెప్పొద్దు. చెబితే జవాబు కూడా అక్కడే వచ్చి, రేపు కమిటీలో చూపడానికి రాత ఉండదు.

ఐదు పని రోజుల్లో జవాబు రాకపోతే అదే మెయిల్‌కు రిప్లై కొట్టి రెండు లైన్లు రాయండి: 12 శాంపిల్స్ నిర్ణయం కోసం చూస్తున్నానని, ఈలోపు మార్చి 3 పని నడుస్తోందని. అప్పటికీ రాకపోతే గదికి వెళ్ళి కలవాలి.

జవాబు కోపంగా రావచ్చు. "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావమ్మా?" అనవచ్చు. దానికి కొత్త కారణాలు వెతకకండి. మెయిల్‌లో ఉన్నదే నిజం కాబట్టి దాని మీదే నిలబడాలి. ఆ కోపంలో "ఏప్రిల్‌కల్లా థీసిస్ ఇవ్వు" అని ఆయన అంటే, భయంతో "సరే సార్" అనేయడం అన్నిటికంటే పెద్ద ప్రమాదం. వారానికి 3 పేజీల లెక్క చూపించి, ఏప్రిల్‌కు ఏం రాగలదో చెప్పండి: మూడో చాప్టర్ పూర్తిగా, నాలుగో చాప్టర్‌లో పది పదిహేను పేజీలు. ఇంకా ముందుకు జరపాలంటే ఏది తగ్గించాలో ఆయననే అడగండి. వ్యాధి గుంటల విభాగం వదిలేద్దామా, లేక ఐదో చాప్టర్ కుదిద్దామా అని. పని తగ్గకుండా తేదీ ముందుకు రాదు.

కలిసి మాట్లాడిన రోజే, అదే మెయిల్ వరసలో, నిర్ణయాలను మూడు నాలుగు లైన్లలో రాసి పంపండి. మాటలో చెప్పింది ఆరు నెలలకు ఇద్దరికీ రెండు రకాలుగా గుర్తుంటుంది.

ఇక గడువుల మీద ఒక కన్ను. ఫిబ్రవరి 24 నాటికి వేసవి పంట 12 శాంపిల్స్‌లో 8 అయ్యి ఉండాలి. 4 మాత్రమే అయ్యుంటే మార్చి 3 తప్పుతుందని వారం ముందే తెలిసినట్టే. ఆ రోజే రాయండి: "మార్చి 3కి 44 శాంపిల్స్ పట్టిక వస్తుంది, మిగిలిన 4 మార్చి 10కి." గడువు రాకముందు చెప్పిన వారం రోజుల ఆలస్యాన్ని గైడ్ సర్దుకుంటారు, అదే ఆలస్యం మార్చి 4న తెలిస్తే సంక్రాంతి మెసేజ్ గుర్తొస్తుంది.